ఓడ తప్పిపోయాక రాసే మెయిల్

(ఒంగోలులో గ్రానైట్ ఫ్యాక్టరీల డిస్పాచ్, డాక్యుమెంటేషన్ సిబ్బంది కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చీమకుర్తి నుంచి వచ్చిన వాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. అయితే నేను చెప్పబోయేది మీలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు పడ్డ బాధే.

ఓడ వెళ్లిపోయింది, మన కంటైనర్ ఎక్కలేదు. ఇప్పుడు ఫార్వార్డర్‌కి మెయిల్ రాయాలి, ఇంకో ఓడలో వేయమని అడగాలి. ఇవాళ నేను మాట్లాడేది ఆ ఒక్క మెయిల్ గురించే. ఒక మెయిల్ గురించి గంట ఏం చెబుతాడు ఈయన అనుకుంటున్నారేమో. నేను ఒకసారి ఆ మెయిల్ తప్పుగా రాశాను. అదెలా రాశానో, తర్వాత దాన్నెలా తిరగరాశానో చెబుతాను.

2021 నవంబర్ గుర్తుందా? పెన్నాకు వరద వచ్చింది. 20, 21 తేదీల్లో కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. సరిగ్గా ఆ 20వ తేదీ శనివారం సాయంత్రం మా ఫ్యాక్టరీ నుంచి రెండు ట్రైలర్లు బయల్దేరాయి. రెండు ఇరవై అడుగుల కంటైనర్లు, లోపల గెలాక్సీ గ్యాంగ్‌సా స్లాబులు, ఒక్కోదాంట్లో 26 టన్నుల పైన సరుకు. చెన్నై పోర్టులో ఎక్కాలి, కొలంబోలో ఓడ మారి ఇటలీ వెళ్లాలి. ఓడ 24న బయల్దేరుతుంది. పోర్టు గేటు లోపలికి పోవడానికి ఆఖరు గడువు, మనం కటాఫ్ అంటామే, అది 22వ తేదీ సోమవారం సాయంత్రం ఆరు గంటలు.

బండ్లు కావలి దాటలేదు. డ్రైవర్ ఫోన్ చేసి, "సార్, ముందు కనుచూపు మేర లారీలే, పోలీసులు ఎవరినీ వదలట్లేదు" అన్నాడు. ఆదివారమంతా అక్కడే. సోమవారం పొద్దున కూడా, ఇంకాసేపట్లో వదులుతారంట, ఇంకాసేపట్లో వదులుతారంట. నేను ఆ మాట పట్టుకుని కూర్చున్నా. ఆరు దాటింది. రాత్రి తొమ్మిదికి మెయిల్ రాశా.

ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఇంగ్లీషులో పేజీన్నర. పెన్నా ఎలా పొంగిందో, సోమశిల నుంచి నీళ్లెలా వదిలారో, డ్రైవర్లు రెండు పూటలు బిస్కెట్ల మీద ఎలా ఉన్నారో అన్నీ రాశా. ఫోటోలు కూడా జత చేశా. చివర్లో, "మా తప్పు ఏమీ లేదు కాబట్టి దయచేసి తర్వాతి ఓడలో ఏర్పాటు చేయగలరు" అని ముగించా. (నవ్వులు) నవ్వకండి, మీరూ ఇలాగే రాస్తారు.

చెన్నైలో ఫార్వార్డర్ ఆఫీసులో మా బుకింగులు చూసే అమ్మాయి మంచిదే, పని తెలిసిన మనిషి. పొద్దున్నే ఆమె దగ్గర్నుంచి జవాబు వచ్చింది. రెండే రెండు ప్రశ్నలు. "కంటైనర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఏ తేదీలోపు ఓడ ఎక్కాలి?"

అంత పొడుగు మెయిల్‌లో ఆ రెండూ లేవు. ఆమె ముందు ఆ రోజు మనలాంటి వాళ్లవి ఎన్ని కేసులున్నాయో! ఆమె షిప్పింగ్ లైన్‌కి రాయాలి, లైన్ వాళ్ల దగ్గర చోటు ఉందో లేదో కనుక్కోవాలి. ఆ రోజుల్లో చోటు దొరకడమే గగనం. కోవిడ్ తర్వాత కంటైనర్లకు, ఓడలకు ఎంత కటకట వచ్చిందో మీకు తెలుసు. నేను ఆమెకిచ్చింది వరద కథ. ఆమెకు కావలసింది వేరే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఇదే. మెయిల్ తొమ్మిదికి కాకుండా సోమవారం పొద్దున పది గంటలకే పంపి ఉంటే? కటాఫ్ ఇంకా దాటలేదు. అప్పుడు మనం, "ఈ ఓడకు అందుకోలేం, బుకింగ్‌ను ముందుకు జరపండి" అని అడిగిన వాళ్లమవుతాం. కటాఫ్ దాటాక రాస్తే లైన్ లెక్కలో మనం చోటు పట్టుకుని రాని వాళ్లం, నో షో. చాలా లైన్లకు ఈ రెండింటికీ చార్జీ వేర్వేరుగా ఉంటుంది. ముందు చెబితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చుకునే అవకాశం వాళ్లకుంటుంది కదా. ట్రైలర్ కదలకుండా ఆగిపోయి, టైము లెక్క కుదరడం లేదని మీకు అర్థమైన గంటలోనే రాయండి. ఒకవేళ బండి కదిలి అందుకుంటే ఇంకో మెయిల్ పెట్టొచ్చు, దానికి ఎవరూ డబ్బులు అడగరు.

సరే, రెండో మెయిల్‌కి వద్దాం. రాయడానికి ముందు గంటసేపు ఫైల్ ముందేసుకుని కూర్చున్నా. మొదట చూసింది ఎల్‌సీ. మన దగ్గర చాలామంది డిస్పాచ్ వాళ్లు ఎల్‌సీ చూడరు, అది అకౌంట్స్ వాళ్ల పని అనుకుంటారు. కానీ ఏ ఓడ అడగాలో చెప్పేది అదే. మా ఎల్‌సీలో నాలుగు మాటలు దొరికాయి. సరుకు ఓడ ఎక్కాల్సిన చివరి తేదీ డిసెంబర్ 5. ఎక్కే రేవు చెన్నై. దారిలో ఓడ మారడానికి అనుమతి ఉంది. సరుకు విడతలుగా పంపడానికి అనుమతి లేదు.

ఈ చివరి మాట చూశారా? విడతలుగా పంపకూడదంటే, రెండు కంటైనర్లూ ఒకే ఓడలో ఒకే ప్రయాణంలో పోవాలి. నేను ఈ మాట చెప్పకపోతే ఫార్వార్డర్ మేలు చేద్దామనుకుని, "ఒకదానికి చోటు దొరికింది, పంపేస్తున్నా, రెండోది వచ్చే వారం" అంటుంది. ఆమె దృష్టిలో అది సాయం. బ్యాంకు దగ్గర అది డిస్క్రెపెన్సీ.

రెండోది, కంటైనర్లు ఎక్కడున్నాయి, కాగితాలు ఎంతవరకు వచ్చాయి. 23 పొద్దుటికి బండ్లు చెన్నై శివార్లకు చేరాయి. పోర్టు గేటు లోపలికి వెళ్లలేదు. షిప్పింగ్ బిల్లు మా సీహెచ్ఏ వేసేశాడు కానీ కస్టమ్స్ వాళ్ల ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, ఎల్ఈఓ, రాలేదు. కాబట్టి విప్పాల్సిన ముడులు తక్కువ. అదే కంటైనర్ లోపలికి పోయి, ఎల్ఈఓ కూడా అయిపోయి, ఓడ మాత్రం వదిలేసి పోయిందనుకోండి, అది వేరే కథ. దానికి తర్వాత వస్తా.

అప్పుడు రాసిన మెయిల్ ఇది. ఇంగ్లీషులో పంపాను, మీకు తెలుగులో చదువుతా:

"బుకింగ్ నంబరు ఇది. రెండు కంటైనర్ల నంబర్లు ఇవి. 24వ తేదీ ఓడకు 22 సాయంత్రం కటాఫ్ తప్పింది. కారణం కోవూరు దగ్గర హైవే మూసివేత. ప్రస్తుతం రెండు కంటైనర్లూ స్లాబులతో, సీల్‌తో ట్రైలర్ల మీద చెన్నై బయట ఉన్నాయి. గేట్ ఇన్ కాలేదు. షిప్పింగ్ బిల్లు చెన్నై పోర్టు మీద వేసి ఉంది, ఎల్ఈఓ కాలేదు. తూకం సర్టిఫికెట్ ఇచ్చేశాం, బరువు మారలేదు.

మాకు కావలసింది: రెండు కంటైనర్లూ ఒకే ఓడలో, చెన్నై నుంచి, డిసెంబర్ 5 లోపు ఎక్కేలా. అలా దొరక్కపోతే, దొరికే దగ్గరి ఓడలు రెండు మూడు, రేవు, బయల్దేరే తేదీ, కొలంబోలో పెద్ద ఓడ తేదీతో సహా పంపండి. మా మాట వచ్చేవరకు ఏదీ ఖాయం చేయవద్దు.

ఖాళీ కంటైనర్లు నవంబర్ 18న తీసుకున్నాం, ఉచిత రోజులు 7. వరద కారణంగా 5 రోజులు పొడిగించమని లైన్‌ను అడగండి, ఒప్పుకుంటే మెయిల్‌లో ఇప్పించండి. నవంబర్ ఫ్రైట్ రేటు కొత్త ఓడకు వర్తిస్తుందో లేదో, నో షో చార్జీ ఎంతో, విడివిడిగా చెప్పండి. ఇవాళ సాయంత్రం నాలుగు లోపు జవాబు కావాలి. ఆ తర్వాత ట్రైలర్లను ఎక్కడ దించాలో మేము తేల్చుకోవాలి."

అంతే. వరదకు రెండు మాటలు. ఫోటోలు మళ్లీ పెట్టలేదు. లైన్ వాళ్లకు పొడిగింపు అడగడానికి అవసరమైతే ఆమె అడుగుతుంది. అడిగింది కూడా.

కొలంబో తేదీ ఎందుకు అడిగానంటే, చెన్నై నుంచి చిన్న ఓడ తొందరగా దొరికినా, కొలంబోలో పెద్ద ఓడ తప్పితే మన స్లాబులు అక్కడ వారం పది రోజులు పడుంటాయి. చెన్నైలో మూడు రోజులు ఆలస్యంగా బయల్దేరి, ఇటలీకి ముందే చేరే దారి ఉండొచ్చు. బయ్యరు అడిగేది చేరే తేదీనే. రేటు ఎందుకంటే, చాలా కొటేషన్లు నెలాఖరు వరకే చెల్లుతాయి. నవంబర్ నుంచి డిసెంబర్‌లోకి జరిగితే కొత్త రేటు పడొచ్చు, ఆ ఏడాది రేట్లు ఎలా ఉన్నాయో మా ఓనరు గారిని అడగండి, ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

మూడు గంటలకే జవాబు వచ్చింది. చెన్నై నుంచి డిసెంబర్ 1 ఓడ ఫుల్. మిగిలినవి రెండు. ఒకటి నవంబర్ 30న, కానీ కాటుపల్లి నుంచి. రెండోది చెన్నై నుంచే, డిసెంబర్ 8న.

ఇప్పుడు మీరైతే ఏది తీసుకుంటారు?

(సభలో నుంచి: కాటుపల్లి సార్, డేట్‌లో పడిపోతుంది.)

మా ఓనరు గారూ అదే అన్నారు. కాటుపల్లి అక్కడే కదా, చెన్నై పక్కనే, అని. రోడ్డు మీద పక్కనే. కాగితాల మీద పక్కన కాదు. ఎల్‌సీలో ఎక్కే రేవు చెన్నై అని ఉంది. బీఎల్ మీద కాటుపల్లి అని పడితే బ్యాంకు తిప్పి కొడుతుంది. అదొకటి. షిప్పింగ్ బిల్లు `INMAA1` మీద, అంటే చెన్నై పోర్టు మీద వేశాం. కాటుపల్లి కోడ్ `INKAT1`. కస్టమ్స్ లెక్కలో అది వేరే చోటు. పాత బిల్లు రద్దు చేయించి కొత్తది వేయాలి. మనం ఫ్యాక్టరీలో వేసిన ఈ-సీల్ ఉందే, దాని వివరాల్లో పాత షిప్పింగ్ బిల్లు నంబరూ పాత పోర్టూ ఎక్కి ఉంటాయి, అవీ మార్పించాలి. ఇదంతా అయ్యే పనే, ఎల్ఈఓ కాలేదు కాబట్టి. కానీ 30వ తేదీ ఓడ కటాఫ్‌కి మధ్యలో నాలుగైదు పని రోజులే ఉన్నాయి. ఒక్క కాగితం ఆగిందా, రెండో ఓడ కూడా పోతుంది.

డిసెంబర్ 8 తీసుకుంటే కాగితాల్లో పోర్టు మారదు, షిప్పింగ్ బిల్లు అదే. తేదీ మాత్రం 5 దాటుతుంది. అంటే ఎటు పోయినా ఎల్‌సీ మార్పించక తప్పదు: అటు పోతే రేవు, ఇటు పోతే తేదీ. తేదీ మార్పు బయ్యరుకు అర్థం చేసుకోవడం తేలిక. నేను 8 వైపే మొగ్గాను.

బయ్యరుకు ఆ సాయంత్రమే రాశాం. చివరి తేదీ 20కి మార్చమన్నాం, ఎల్‌సీ గడువు కూడా దాంతో పాటు జరపమన్నాం. ఇక్కడ మా అకౌంటెంట్ "ఓడ 8న అయితే 10 అడిగితే చాలదా" అన్నాడు. చాలదు. ఓడ తేదీలు జరిగితే దాదాపు ఎప్పుడూ వెనక్కే జరుగుతాయి. ఆ ఓడ చివరికి 11న కదిలింది. 10 అని అడిగి ఉంటే రెండోసారి ఎల్‌సీ మార్చమని బయ్యరు కాళ్లు పట్టుకోవాలి. గడువు కూడా ఎందుకు జరపాలంటే, ఓడ ఎక్కిన తేదీ నుంచి 21 రోజుల్లో కాగితాలు బ్యాంకుకు ఇవ్వాలనేది సాధారణ నియమం, అయితే ఎల్‌సీ గడువు లోపలే. తేదీ జరిపి గడువు వదిలేస్తే ఆ 21 రోజులు మనకు పూర్తిగా దక్కవు. అమెండ్‌మెంట్ డిసెంబర్ 3న వచ్చింది. అప్పటిదాకా నిద్ర లేదు, అది వేరే విషయం.

ఈ మధ్యలో ఒకాయన, పేరెందుకులెండి, ఒక సలహా ఇచ్చాడు. "ఎందుకయ్యా ఇంత తంటా, బీఎల్ మీద 4వ తేదీ వేయించుకో" అని. వద్దు. ఆ మాట మెయిల్‌లో రాయొద్దు, ఫోన్‌లో అనొద్దు. ఓడ ఎక్కని రోజును ఎక్కిన రోజుగా చూపించడం మోసం, బయ్యరు కోర్టుకెక్కితే ఆ బీఎల్ ఇచ్చినవాడూ అడిగినవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఏ ఓడ ఏ రోజు ఏ రేవులో ఉందో ఇవాళ ఎవరి ఫోన్‌లోనైనా కనబడుతుంది. ఇటలీ బయ్యరు ఆ పని చూడడనుకుంటున్నారా?

(సభలో నుంచి: సార్, మన తప్పు లేకుండా లైన్ వాళ్లే వదిలేసి పోతే? మా కంటైనర్ కటాఫ్‌కి ముందే లోపలుంది, అయినా ఎక్కించలేదు.)

మంచి ప్రశ్న. ఇందాక పక్కన పెట్టిన కథ అదే. ఓడలో చోటుకు మించి బుకింగులు తీసుకుంటారు, చివర్లో కొన్ని వదిలేస్తారు. ఇరవై అడుగుల బరువు కంటైనర్లకు ఆ ప్రమాదం ఉంటుంది. ఓడకు బరువు హద్దు కూడా ఉంటుంది కదా, మనవేమో రాళ్లు.

అప్పుడు మీ మెయిల్ పూర్తిగా మారిపోతుంది. అది బతిమాలే మెయిల్ కాదు. గేట్ ఇన్ స్లిప్ మీద టైము, తూకం సర్టిఫికెట్ పంపిన టైము, షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ పంపిన టైము, మూడూ కటాఫ్‌కి ముందువేనని చూపించండి. "లైన్ నిర్ణయం వల్ల ఎక్కలేదు" అని లైన్ చేత రాయించుకోండి. ఆ కాగితం ఉంటే రోలోవర్ చార్జీ వద్దనడానికి, పాత రేటే కావాలనడానికి, పోర్టులో పడ్డ అద్దె వాళ్ల మీద వేయడానికి ఒక ఆధారం ఉంటుంది. అది లేకపోతే రెండు నెలల తర్వాత బిల్లు వచ్చినప్పుడు ఎవరి మాట వాళ్లది.

ఇక ఎల్ఈఓ అయిపోయింది కాబట్టి ఇంకో చిక్కు. ఓడ వెళ్లాక లైన్ వాళ్లు కస్టమ్స్‌కి ఈజీఎం ఇస్తారు, ఏ ఓడలో ఏ కంటైనర్ ఎక్కిందో చెప్పే జాబితా. మీ షిప్పింగ్ బిల్లులో రెండు కంటైనర్లున్నాయి, ఒకటి ఎక్కింది, ఒకటి మిగిలింది అనుకోండి. జాబితాలో ఒకటే వస్తుంది, బిల్లులో రెండున్నాయి, లెక్క కుదరదు, ఎర్రర్ పడుతుంది. లేదా ఎక్కకుండానే పాత ఓడ జాబితాలో మీ కంటైనర్ పడి ఉంటుంది. దీన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోరు. డ్రాబ్యాక్ రావట్లేదు, ఐజీఎస్టీ రీఫండ్ రావట్లేదు అని మూడు నెలల తర్వాత అకౌంట్స్ వాళ్లు అరుస్తారు, అప్పుడు బయటపడుతుంది. ఈజీఎం సరిగా పడితేనే రీఫండ్ కదులుతుంది. అందుకే కొత్త బుకింగ్ అడిగే మెయిల్‌లోనే ఒక వాక్యం పెట్టండి: "పాత ఓడ ఈజీఎంలో మా కంటైనర్ రాకుండా చూడండి, కొత్త ఓడ వెళ్లాక ఈజీఎం నంబరు పంపండి." సీహెచ్ఏకి కూడా కాపీ పెట్టండి. ఓడ వెళ్లిన వారానికి ఐస్‌గేట్‌లో మీ షిప్పింగ్ బిల్లు నంబరు కొట్టి మీరే చూసుకోండి, రెండు నిమిషాల పని.

మళ్లీ మా కేసుకి. ట్రైలర్లను రెండు వారాలు నిలబెట్టలేం, హాల్టింగ్ చార్జీకే మునిగిపోతాం. కొత్త ఓడకు గేటు తెరిచేదాకా పోర్టు లోపలికి రానివ్వరు. ఫార్వార్డర్‌కి తెలిసిన యార్డులో కంటైనర్లను కిందికి దించాం. దించేటప్పుడు నేను వెళ్లాను. క్రేన్ పట్టుకుని ఎత్తుతుంటే గుండె గొంతులోకి వచ్చింది. లోపల చెక్క ఫ్రేములకు ఆనించి నిలబెట్టిన స్లాబులు, ఒక పక్కకు కొంచెం ఒరిగినా చాలు. సీల్ నంబర్లకు అక్కడే ఫోటోలు తీసుకున్నా, దించే ముందు ఒకటి, దించాక ఒకటి. డిసెంబర్ 7న మళ్లీ ఎత్తించి గేట్ ఇన్ చేశాం.

బిల్లు జనవరిలో వచ్చింది. కంటైనర్ డిటెన్షన్ ఒక్కోదానికి 13 రోజులు. చూడగానే అకౌంటెంట్ పాస్ చేయబోయాడు. నేను వేళ్ల మీద లెక్కేశా. నవంబర్ 18 నుంచి డిసెంబర్ 7 దాకా, రెండు రోజులూ కలిపి 20 రోజులు. ఉచితం 7 తీస్తే 13. మరి పొడిగించిన 5 ఏవి? లైన్ వాళ్లు నవంబర్ 25న ఒప్పుకున్న మెయిల్ ఫైల్లో ఉంది. అది జత చేసి, రావాల్సింది ఒక్కోదానికి 8 రోజులే, రెండింటికీ కలిపి 26 కాదు 16 అని రాశా. నో షో చార్జీ మాత్రం కట్టాం, దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు, తొమ్మిది గంటల మెయిల్ నాదే. డిటెన్షన్ తేడాకి క్రెడిట్ నోట్ వచ్చింది, పంపింది ఆ అమ్మాయే.

టీ వచ్చేసినట్టుంది. మీ దగ్గర ఇలా ఆగిపోయిన బుకింగులు ఏవైనా ఉంటే ఆ మెయిళ్లు ఫోన్‌లో తీసి ఉంచండి, తాగుతూ చూద్దాం.